యాప్ బ్రోకర్‌ది, షేర్లు డిపాజిటరీలో: డీమ్యాట్ ఖాతాపై నా సమీక్ష

ఒక డిస్కౌంట్ బ్రోకర్ దగ్గర డీమ్యాట్, ట్రేడింగ్ ఖాతాలు తెరిచి చాలా ఏళ్లయింది. బ్రోకర్ పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ బ్రోకర్‌కైనా దాదాపు ఇలాగే ఉంటుంది.

ఖాతా తెరవడం తేలికే. పాన్, ఆధార్‌కి లింకైన మొబైల్, బ్యాంకు ఖాతా, తెల్లకాగితం మీద సంతకం ఫొటో, ఒక సెల్ఫీ, చివర్లో ఆధార్ ఓటీపీతో ఈ-సైన్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ వద్దనుకుంటే ఆదాయ రుజువు అడగరు. మనవాళ్లకి చిక్కంతా ఇంటిపేరు దగ్గరే వస్తుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకులో పేరు చివర ఉంటే కేవైసీ ఆగిపోతుంది. నాది అలాగే ఆగింది. ఆధార్‌లో పేరు సరిచేయించాకే ముందుకు కదిలింది. అందుకని దరఖాస్తు పెట్టేముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక అసలు విషయం. చాలామంది షేర్లు బ్రోకర్ దగ్గర ఉన్నాయనుకుంటారు. యాప్‌లో కనిపించేది బ్రోకర్ లెక్క మాత్రమే. షేర్లు ఉండేది వాటిని ఎలక్ట్రానిక్‌గా దాచే డిపాజిటరీలో, అంటే సీడీఎస్ఎల్‌లోనో ఎన్ఎస్‌డీఎల్‌లోనో, మన పేరు మీద. డీమ్యాట్ ఖాతా నంబరు చూస్తే రెంటిలో ఏదో తెలిసిపోతుంది: 16 అంకెలే ఉంటే సీడీఎస్ఎల్, IN తో మొదలైతే ఎన్ఎస్‌డీఎల్. బ్రోకర్ ఆ డిపాజిటరీకి ఏజెంటు లాంటివాడు, వాళ్ల భాషలో డీపీ.

సోమవారం ఒక కంపెనీ షేర్లు 400 చొప్పున పది కొన్నానుకోండి. బ్రోకర్ నా ఆర్డర్‌ని ఎక్స్‌చేంజికి పంపాడు, సాయంత్రానికి కాంట్రాక్ట్ నోట్ వచ్చింది. 4,000 మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 4 రూపాయలు, స్టాంప్ డ్యూటీ 60 పైసలు, మిగతా చిల్లర ఛార్జీలు అందులోనే ఉంటాయి. నాకు అమ్మినవాడెవడో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ నిలబడుతుంది: ఎన్ఎస్ఈ వైపు ఎన్ఎస్ఈ క్లియరింగ్, బీఎస్ఈ వైపు ఐసీసీఎల్. నాకు అమ్మేదీ అదే, అవతలివాడి దగ్గర కొనేదీ అదే. మంగళవారం డబ్బు, షేర్లు చేతులు మారతాయి. 2023 జనవరి నుంచి అన్ని షేర్లకీ ఈ ఒక్కరోజు గడువే.

ఒకసారి మంగళవారం రాత్రికీ షేర్లు పడలేదు. టెన్షన్ పడి కస్టమర్ కేర్‌కి రాస్తే వచ్చిన జవాబు అర్థంపర్థం లేనిది. తర్వాత తెలిసిందేమిటంటే, అవతల అమ్మినవాడు షేర్లు ఇవ్వలేదు. క్లియరింగ్ కార్పొరేషన్ వేలంలో కొని మర్నాడు ఇప్పించింది. వేలంలో కూడా దొరక్కపోతే డబ్బు లెక్కగట్టి ఇస్తారు. ఈ ముక్క చెప్పడానికి బ్రోకర్‌కి ఒక్క వాక్యం సరిపోయేది.

అమ్మేటప్పుడు షేర్లు తీయడానికి మన అనుమతి కోసం సీడీఎస్ఎల్ టీపిన్ అనే రహస్య నంబరు, ఓటీపీ అడుగుతుంది. రోజూ అమ్మేవాళ్లకి ఇది విసుగు. అమ్మిన షేర్లు తీసే అధికారం బ్రోకర్‌కి ఇచ్చే డీడీపీఐ అనే పత్రం మీద ఒకసారి సంతకం పెడితే ఆ బెడద ఉండదు. నేను పెట్టలేదు. 2019 నవంబర్‌లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన బ్రోకర్ కార్వీ మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఆదేశం గుర్తుందిగా? కస్టమర్లు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీతో వాళ్ల షేర్లు తన ఖాతాలోకి మళ్లించుకుని, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందన్నది ఆరోపణ. ఆ డిసెంబర్‌లో 80 వేల మందికి పైగా ఖాతాదారులకి షేర్లు తిరిగి జమ అయ్యాయి. డీడీపీఐ ఆ పాత పత్రం కంటే చాలా ఇరుకైనది, కొన్ని పనులకే పనికొస్తుంది. ఇప్పుడు కొన్న షేర్లు బ్రోకర్ ఖాతాలో ఆగకుండా క్లియరింగ్ కార్పొరేషన్ నుంచి నేరుగా మన డీమ్యాట్‌లోకే వస్తున్నాయి. అయినా సరే, పిన్ నా చేతిలోనే ఉండనీ.

షేర్లు నా పేరు మీదే ఉన్నాయో లేదో చూసుకోవడానికి నేను చేసే పని ఒక్కటే: సీడీఎస్ఎల్ వాళ్ల ఈజీ సైట్‌లో సొంతంగా లాగిన్ పెట్టుకున్నాను. అప్పుడప్పుడు అక్కడి సంఖ్యని యాప్‌తో పోల్చి చూస్తాను. కొన్నరోజే తేడా ఉంటే భయం లేదు, సెటిల్‌మెంట్ ఇంకా కాలేదంతే. రెండు మూడు పనిదినాలైనా అలాగే ఉంటే మాత్రం రాతపూర్వకంగా అడగాలి. డిపాజిటరీ నుంచి వచ్చే ఎస్ఎంఎస్‌లు, నెలవారీ స్టేట్‌మెంటు బ్రోకర్ చేయి పడకుండా నేరుగా వస్తాయి, వాటిని చెత్త మెయిల్ అనుకోకండి.

నచ్చనిది డీపీ ఛార్జీ. అమ్మిన ప్రతి కంపెనీకీ రోజుకోసారి పడుతుంది, ఒక షేరు అమ్మినా వంద అమ్మినా అంతే. ఐదు రోజుల పాటు రోజుకి రెండేసి షేర్లు అమ్మితే ఐదుసార్లు కట్టాలి. అదే పది ఒకేరోజు అమ్మితే ఒక్కసారే. ఆఫర్ ఉందని రెండో డీమ్యాట్ తెరిచే ముందూ ఆగండి. మొదటి పేరు మీద ఒక్క ఖాతాయే ఉండి, అందులో విలువ 4 లక్షలు దాటకపోతే చిన్న మదుపరుల కోసం ఉన్న బీఎస్‌డీఏ ఖాతా కింద ఏడాది ఛార్జీ ఉండదు. రెండోది తెరిస్తే ఆ వెసులుబాటు పోతుంది.