ఇంటి వంట ఆర్డర్ ఇచ్చేవాళ్లు జాగ్రత్త: వండేవాళ్లకు ఒంట్లో ఎలా ఉందో ముందే అడగండి

పోయిన ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. మొత్తం 22 మందికి భోజనాలు. మా కాలనీకి దగ్గర్లో, ఇంట్లోనే వండి ఆర్డర్లు ఇచ్చే ఒకావిడకు పులిహోర, పెరుగు వడలు, గుత్తి వంకాయ, సాంబారు, పరమాన్నం చెప్పాం. రెండేళ్లుగా ఆవిడ దగ్గరే తీసుకుంటున్నాం, ఎప్పుడూ వంక పెట్టాల్సిన పని రాలేదు. ఆ రోజు కూడా రుచి, వాసన అన్నీ బాగున్నాయి. అందరూ మెచ్చుకుని తిన్నారు.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి మా ఆడపడుచుకు వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి నాకూ పట్టుకున్నాయి. మంగళవారం పొద్దుటికి లెక్క చూస్తే 11 మంది పడకేశారు. మా అత్తయ్యకు షుగర్ ఉంది. గుక్కెడు నీళ్లు తాగినా కడుపులో నిలవక, ఆస్పత్రిలో చేర్చి రాత్రంతా సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఆవిడకు ఫోన్ చేస్తే ఏమీ దాచలేదు. "శనివారం రాత్రంతా వాంతులు, విరేచనాలే అమ్మా. పొద్దుటికి తగ్గింది. పూజ పెట్టుకున్నారు, ఆఖరి నిమిషంలో కాదంటే ఎలా అని చేసిచ్చేశాను. మాటిమాటికీ చేతులకు శానిటైజర్ రాసుకుంటూనే ఉన్నాను" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట ఆదివారం పొద్దున్నే చెప్పి ఉంటే ఆర్డరే మానుకునేవాళ్లం.

తిన్న కొద్ది గంటల్లోనే వాంతులైతే, ముందుగానే ఆహారంలో తయారైన విషం వల్ల కావచ్చని, 12 నుంచి 48 గంటల మధ్య ఇలా ఒకరి తర్వాత ఒకరికి మొదలైతే నోరోవైరస్‌ను అనుమానించాలని డాక్టర్ చెప్పారు. మేం పరీక్ష చేయించలేదు కాబట్టి అదేనని తేల్చి చెప్పలేను. కానీ ఎవరెవరు ఏం తిన్నారో కూర్చుని రాసుకున్నాక విషయం చాలావరకు అర్థమైంది. మా మరిది వాళ్లు నలుగురూ ఆలస్యంగా వచ్చారు. అప్పటికి పులిహోర, పెరుగు వడల గిన్నెలు ఖాళీ. అన్నంలో వంకాయ కూర, సాంబారు వేసుకుని, పరమాన్నం తిన్నారు. ఆ నలుగురికీ ఏమీ కాలేదు.

ఆ రెండు వంటలు ఎలా చేస్తామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. వడ కాగే నూనెలోంచే వస్తుంది. కానీ తర్వాత దాన్ని నీళ్లలో నానబెట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి పిండి, చల్లటి పెరుగులో వేస్తాం. పులిహోర అన్నాన్ని పళ్లెంలో ఆరబోసి, మెతుకు విరగకుండా చేత్తో కలుపుతాం. అంటే పొయ్యి దిగాక చెయ్యి తగులుతుంది, ఆ తర్వాత మళ్లీ వేడి తగలదు. సాంబారు అలా కాదు, దించేదాకా తెర్లుతూనే ఉంటుంది. ఈ వైరస్ అతి కొద్దిగా కడుపులోకి వెళ్లినా చాలు, జబ్బు చేస్తుంది. శానిటైజర్‌కు సరిగ్గా లొంగదు. సబ్బుతో బాగా రుద్ది కడుక్కోవాల్సిందే. అలా కడుక్కున్నా ఆ సమయంలో వంట జోలికి పోకూడదు.

వాంతులు, విరేచనాలు పూర్తిగా ఆగాక కనీసం 48 గంటలు గడిచేవరకు ఇతరులకు వండకూడదు. తగ్గిపోయిందని అనిపించినా వైరస్ విరేచనంలో రెండు వారాలో, అంతకన్నా ఎక్కువో పోతూనే ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు మరీ ప్రమాదం. మన ఆహార భద్రత నిబంధనల్లో కూడా ఇలాంటి జబ్బుతో ఉన్నవాళ్లు ఆహారం ముట్టుకోకూడదనే ఉంది. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడూ, ఆ రోజు పొద్దున మరోసారీ, "మీకు గానీ, మీతో వండేవాళ్లకు గానీ రెండు రోజుల్లో వాంతులు, విరేచనాలు అయ్యాయా?" అని మొహమాటపడకుండా అడగండి. అడ్వాన్స్ వెనక్కి అడగబోమని, ఇంకో రోజుకు మార్చుకుంటామని కూడా చెప్పండి. డబ్బు పోతుందన్న భయం లేకపోతేనే వాళ్లు నిజం చెబుతారు.

భోజనం ఇంటికి వచ్చేశాక విషయం తెలిస్తే పులిహోర, దద్దోజనం, పెరుగు వడలు, కొబ్బరి పచ్చడి, కోసిన పండ్లు, చేత్తో చుట్టిన లడ్డూలు తినకండి. సాంబారు, రసం లాంటివి మళ్లీ పొయ్యి మీద పెట్టి బాగా తెర్లిస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. గోరువెచ్చగా చేస్తే సరిపోదు. 60 డిగ్రీల వేడిని కూడా ఈ వైరస్ తట్టుకోగలదు. అయినా పసిపిల్లలకు, పెద్దవాళ్లకు, గర్భిణులకు అవి కూడా పెట్టకపోవడమే మంచిది.

ఇప్పటికే తినేసి ఉంటే రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి. వాంతులు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని నీళ్లలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టించండి. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాకు బుధవారం పొద్దున తగ్గింది. శుక్రవారం పొద్దుటిదాకా వంటంతా మా వారే చేశారు.

వ్రతం రోజు మా ఆడపడుచు ఒక డబ్బా పెరుగు వడలు తన ఇంటికి పట్టుకెళ్లి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుంది. గడ్డకట్టిస్తే ఈ వైరస్ చావదని చెప్పి, మంగళవారం ఆ డబ్బా పారేయించాను.