సిలబస్ అయ్యాక రాయడమా, ఇవాళే రాయడమా?

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ వ్యాసం పేపర్‌లో 3 గంటల్లో 3 వ్యాసాలు రాయాలి. ఒక్కోదానికి గంట.

"మొత్తం చదివాకే రాస్తాను" అనుకునేవాళ్లు మొదటి పేరా దగ్గరే ఆగిపోతారు. రాసిన వాక్యం కొట్టేసి ఇంకో పుస్తకం తెరుస్తారు. తెరవగానే మనసు తేలికపడుతుంది. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది: వాయిదాకి వెంటనే బహుమతి దొరికింది కాబట్టి రేపూ అదే చేస్తారు. పైకి చదువులాగే కనిపిస్తుంది కనుక దొరికిపోరు. నోట్సు లావవుతూ, రాసిన వ్యాసం ఒక్కటీ లేకపోతే అదే గుర్తు.

ఇవాళే రాసే రెండో పద్ధతిలో "ఇంత చాలు" అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. భూగర్భ జలాల మీద వ్యాసమే తీసుకోండి. మూడు కారణాలు, రెండు పరిష్కారాలు, ఒక ముగింపు. 10 నిమిషాలు పాయింట్లకు, 45 రాయడానికి, 5 చదువుకోవడానికి. అంకె గుర్తురాకపోతే ఖాళీ వదిలి ముందుకెళ్లాలి. పుస్తకం తీశారంటే మళ్లీ మొదటి దారే. గంట కాగానే సగం వాక్యంలోనైనా పెన్ను పక్కన పెట్టేయాలి. తర్వాత ఒక్క లోపం ఎంచుకుని దాన్నే రేపటి వ్యాసంలో సరిచేయాలి. ఎక్కువమంది తప్పేది ఒకచోట: బాగా వస్తోందని మధ్యలో నాలుగో కారణం చేర్చి, ముగింపుకి టైం లేకుండా చేసుకుంటారు.

హాల్‌టికెట్ నంబరు రాసేచోట మాత్రం ఈ "చాలు" పనికిరాదు.