ఒకే కాగితం, కాగితాల వరుస: ఇజుమి, కాల్మాఁ

జపాన్‌లోని తొకునోషిమా ద్వీపవాసి షిగెచియో ఇజుమి 1986లో మరణించినప్పుడు వయసు 120 ఏళ్లన్నారు. గిన్నిస్ కూడా ఒప్పుకుంది. ఆధారం 1865లో పుట్టినట్టు చూపే చిన్ననాటి నమోదు. ఆ కాగితం నకిలీదని ఎవరూ అనలేదు, అది ఎవరిదన్నదే చిక్కు. చనిపోయిన అన్న పేరే తర్వాత పుట్టిన తమ్ముడికి పెట్టి ఉంటారని పరిశోధకుల అనుమానం. మన ఇళ్లలోనూ పోయిన బిడ్డ పేరు మళ్లీ పెట్టడం వింతేమీ కాదు కదా! ఆ లెక్కన ఆయన వయసు సుమారు 105. గిన్నిస్ తర్వాత ఆ రికార్డును పక్కన పెట్టింది.

ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి చెందిన జాన్ కాల్మాఁది వేరే కథ. 1875లో పుట్టి 1997లో, 122 ఏళ్ల 164 రోజులకు మరణించారు. జనన నమోదు, 1896 నాటి వివాహం, వరుస జనగణనలు ఒకే ఊళ్లో దొరుకుతాయి. పరిశోధకులు ఆమెను పాత బంధువుల, గురువుల పేర్లు అడిగి, జవాబులను దస్త్రాలతో సరిపోల్చారు.

అయినా 2018లో రష్యా పరిశోధకులు ప్రశ్న లేవనెత్తారు: 1934లో చనిపోయింది దస్త్రాలు చెప్పినట్టు కూతురు ఇవోన్ కాదనీ, తల్లేననీ, ఆ కూతురే తల్లి పేరుతో బతికిందనీ. అది నిజమైతే 1942 వరకు జీవించిన భర్త కూతురినే భార్యగా చూపించుకుని ఉండాలి, ఊరంతా నోరు మూసుకుని ఉండాలి. నాకైతే అది నమ్మశక్యంగా లేదు.