మెట్ల కింద ఫొటో తీసి చూశాకే ఫోను కొనండి

విశాఖలో ఫోను కొనబోతున్నవాళ్లు నేను చేసిన పొరపాటు చేయకండి. గత నెల డాబాగార్డెన్స్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు నన్నే ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. కనుబొమ్మల్లో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. "రాత్రి ఇంట్లో కూడా ఇలాగే వస్తుంది సార్, 108 మెగాపిక్సెల్ కదా" అన్నాడు. పైకప్పు నిండా వెలుగుతున్న లైట్ల సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఆ ఆదివారం సీతమ్మధారలో మా అక్కయ్య ఇంట్లో మేనకోడలి పుట్టినరోజు. హాలులో ఉన్నది ఒక్క ట్యూబ్‌లైటు. ఫొటోలు చూసి అక్కయ్య, "ఏరా, పిల్ల మొహానికి బొంబాయి రవ్వ పూశావా?" అంది. మర్నాడు దుకాణానికి వెళితే, పెట్టె తెరిచాక వెనక్కి తీసుకోం అన్నారు. బిల్లు వెనుక చీమల్లాంటి అక్షరాల్లో ఆ మాట ఉంది కూడా.

ఇంటికొచ్చి ఆ ఫొటో వివరాలు తెరిచాను. 108MP, ISO 3200, షట్టర్ 1/100 సెకను. విషయం అక్కడే ఉంది. వెలుతురు చాలనప్పుడు ఫోను తనకు అందిన కొద్దిపాటి సంకేతాన్నే పెంచుతుంది. ISO అంటే ఆ పెంపే. రేడియోలో సన్నని స్టేషన్‌కు శబ్దం పెంచితే గరగర కూడా పెరిగినట్టు, ఇక్కడ రవ్వ పెరుగుతుంది. పైగా 108MP పెట్టినప్పుడు ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు మరీ తక్కువ. మామూలు 12MPలో నా ఫోను తొమ్మిది పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది. నేనేమో పెద్ద అంకె చూసి దాన్ని వదిలేశాను!

మర్నాటి రాత్రి అదే ట్యూబ్‌లైటు కింద 12MPకి మార్చి, కెమెరా Pro మోడ్‌లో ISO 800, షట్టర్ 1/25 పెట్టి, మోచేతులు బల్లకు ఆనించి తీశాను. షట్టర్ నాలుగు రెట్లు ఎక్కువసేపు తెరుచుకుంటుంది కాబట్టి ISO నాలుగో వంతుకు దిగినా వెలుగు తగ్గలేదు. బుగ్గలు బుగ్గల్లాగే వచ్చాయి. చప్పట్లు కొడుతున్న చేతులు మాత్రం చెదిరిపోయాయి. పిల్ల కుదురుగా ఉన్న క్షణం కోసం కాచుకోవాల్సిందే. నైట్ మోడ్‌కూ ఇదే చిక్కు. అది వరసగా తీసిన ఫొటోలను కలిపి రవ్వ తగ్గిస్తుంది గానీ, పరుగెత్తే పిల్లలను దయ్యాలను చేస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. ఫొటోలో అడ్డచారలు కనిపిస్తే షట్టర్ 1/100, 1/50, 1/25లలో ఒకటి పెట్టండి. జూమ్ చేసే బదులు రెండడుగులు ముందుకు వేయండి.

డబ్బు కట్టేముందు ఫోను పట్టుకుని దుకాణం మెట్ల కిందకో, గోదాము తలుపు దగ్గరకో వెళ్లి తోడు వచ్చినవారి ముఖం తీయండి. పెద్దది చేసి జుట్టు, చెంప చూడండి. అక్కడికి ఫోను ఇవ్వం అంటే ఆ కొట్టులో కొనవద్దు. ఎక్కువ వెడల్పు పట్టే అల్ట్రావైడ్ కెమెరాతో కూడా ఒకటి తీయండి. నా ఫోనులో దానికి ఏ సెట్టింగూ పనిచేయలేదు, చీకటి పడితే దాన్ని ముట్టుకోవడమే మానేశాను.