ప్రక్షేపక పద్ధతులా, మిస్టరీ షాపింగా: ఏది మేలు?

వినియోగదారుడు పైకి చెప్పే కారణం వేరు, మనసులోని కారణం వేరు అన్న అనుమానం ఉంటే, పరాయి మనిషి గురించి అడిగినట్టుగా అడిగి మనసులోని మాటను పరోక్షంగా రాబట్టే ప్రక్షేపక పద్ధతి కావాలి. సంస్థ చెప్పే సేవ వేరు, కౌంటరు దగ్గర దొరికే సేవ వేరు అన్న అనుమానం ఉంటే, మామూలు కొనుగోలుదారుడిలా వెళ్లి సేవను గమనించి వచ్చే మిస్టరీ షాపింగ్ కావాలి. గుణాత్మక మార్కెట్ పరిశోధనలోని ఈ రెండు పద్ధతుల బలాబలాలను ఈ అనుమానాలను బట్టే తూచాలి.

మొదటిదానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేసన్ హేర్ 1950లో ప్రచురించిన అధ్యయనం మంచి ఉదాహరణ. ఇన్‌స్టంట్ కాఫీ ఎందుకు వద్దని నేరుగా అడిగితే గృహిణులు ఎక్కువగా రుచి బాగోదనే చెప్పారు. అప్పుడాయన రెండు సరుకుల చీటీలు తయారుచేశారు. బ్రెడ్డు, క్యారెట్లు, బంగాళాదుంపల వంటివన్నీ రెండింట్లోనూ ఒకటే. కాఫీ దగ్గర మాత్రం ఒకదానిలో నెస్కఫే ఇన్‌స్టంట్, రెండోదానిలో మాక్స్‌వెల్ హౌస్ కాఫీపొడి. ఒక్కొక్కరికి ఒక్క చీటీయే చూపించి, ఈ సరుకులు కొన్న ఇల్లాలు ఎలాంటి మనిషో వర్ణించమన్నారు. నెస్కఫే చీటీ చూసినవారిలో 48 శాతం మంది ఆమెను సోమరి అన్నారు. రెండో చీటీ చూసినవారిలో అలా అన్నది 4 శాతమే. పరాయి మనిషి గురించి మాట్లాడుతున్నామన్న ధీమాతో, తమ గురించి ఒప్పుకోలేని మాట వారు బయటపెట్టారు.

అయితే ఆ మాట చెప్పినవారి మనసుదేనా, సమాజంలో వినిపించే అభిప్రాయాన్నే వారు తిరిగి పలికారా అన్నది ఈ పద్ధతి తేల్చలేదు. జవాబులను వర్గీకరించేవారి ఊహ కూడా అందులో కలుస్తుంది. అందుకే ఇద్దరు విడివిడిగా వర్గీకరించి సరిచూసుకోవాలి. హేర్ అధ్యయనానికి బలం చేకూర్చింది రెండో చీటీయే. పోల్చడానికి అది లేకపోతే ఆ 48 శాతానికి అర్థం చెప్పడం కష్టం.

మిస్టరీ షాపింగ్‌కు మన దేశంలోనే చక్కని ఉదాహరణ ఉంది. అనాగోల్, కోల్, సర్కార్ అనే ఆర్థికవేత్తలు శిక్షణ ఇచ్చిన వ్యక్తులను కొనుగోలుదారులుగా జీవిత బీమా ఏజెంట్ల దగ్గరకు పంపారు. నిర్ణీత కాలానికి రక్షణ మాత్రమే ఇచ్చే టర్మ్ పాలసీ తగిన వారికి సైతం ఏజెంట్లు చాలా సందర్భాల్లో, జీవితాంతం వర్తించే, తమకు ఎక్కువ కమీషన్ తెచ్చే హోల్ లైఫ్ పాలసీనే సూచించారు. ఇంటర్వ్యూలో ఏ ఏజెంటూ ఇది ఒప్పుకోడు. ప్రవర్తనను అది జరుగుతున్న చోటే పట్టుకోవడం ఈ పద్ధతి గొప్పతనం.

దీని లోపాలూ అక్కడినుంచే పుడతాయి. ఏజెంటు ముందు రాసుకోలేరు కనుక అంతా జ్ఞాపకంపై ఆధారపడుతుంది. బయటికి రాగానే నివేదిక రాయకపోతే వివరాలు జారిపోతాయి. ఒక్క సందర్శన ఆ పూట సంగతే చెబుతుంది. ఉద్యోగి అలా ఎందుకు చేశాడో బయటినుంచి తెలియదు. పైగా అతని అనుమతి లేకుండా గమనిస్తున్నాం కాబట్టి పేరు దాచడం, అతని మీద చర్యకు నివేదికను వాడనివ్వకపోవడం పరిశోధకుడి బాధ్యత. కేవలం అవును, కాదు గడులు నింపి మార్కులు వేస్తే అది గుణాత్మక సమాచారం కాదన్నది కూడా విద్యార్థులు పరీక్షలో ప్రస్తావించదగిన విషయం.

కోర్సు ప్రాజెక్టు వరకు నా మొగ్గు ప్రక్షేపక పద్ధతి వైపే. రెండు చీటీలు, అంగీకరించిన కొద్దిమంది పాల్గొనేవారు ఉంటే తరగతి గదిలోనే చేయవచ్చు. సిబ్బంది ప్రవర్తనే అంశమైతే మాత్రం మిస్టరీ షాపింగ్‌నే ఎంచుకోవాలి. అప్పుడు అందరు షాపర్లకూ ఒకే కథ నేర్పి, ఒకే చోటికి వేర్వేరు వేళల్లో పంపాలి.