461 పేజీలను ఒక్క పేజీకి దించాలంటే: ఒక్క ఊపులోనా, విడతల్లోనా?

సారాంశాలు రాయడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారికి నేను మొదట ఇచ్చేది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక తెలంగాణ డిమాండ్‌పై శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన నివేదిక. 2010 ఫిబ్రవరిలో ఏర్పాటైన కమిటీ ఆ ఏడాది డిసెంబరు 30న దాన్ని కేంద్రానికి అందజేసింది, వారం తిరిగేసరికి అది బయటికి వచ్చింది. ప్రధాన సంపుటి 461 పేజీలు, తొమ్మిది అధ్యాయాలు, చివర ఆరు మార్గాలు. అందులో ఏముందో తమకు ముందే తెలుసని ప్రతి తెలుగువాడూ అనుకుంటాడు. దాన్ని ఎంచుకోవడానికి కారణం కూడా అదే. తెలుసనుకున్నదాన్ని కుదించేటప్పుడే చేయి ఎక్కువ జారుతుంది.

ఈ పనికి దిగినవారు మూడు దారుల్లో ఏదో ఒకటి పడతారు.

కొందరు మొత్తం చదివి, పుస్తకం మూసి, ఒక్క ఊపులో రాస్తారు. నలభై పేజీల పత్రమైతే నేనూ అలాగే రాస్తాను. వాదన అంతా ఒకే తలలో ఉంటుంది కాబట్టి ఆ రాతకు ఒక నడక వస్తుంది. నాలుగు వందల పేజీల దగ్గర మాత్రం జ్ఞాపకం మొదటినీ చివరినీ పట్టుకుని నడుమను వదిలేస్తుంది. నా దగ్గరికి వచ్చే రాతల్లో 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం ఉంటుంది, చివరి ఆరు మార్గాలు ఉంటాయి. నీటివనరులు, విద్యుత్తు గురించిన నాలుగో అధ్యాయం, ప్రభుత్వ ఉద్యోగాల గురించిన ఐదో అధ్యాయం చెరో వాక్యంతో సరిపెట్టుకుంటాయి. చదవలేదని కాదు, రాసే వేళకు అవి చేతికి అందవు.

రెండో దారిని నేను గొలుసు అంటాను. మొదటి అధ్యాయానికి ఒక పేజీ నోట్సు రాసుకుంటారు. రెండోది చదివాక అదే పేజీని తిరగరాసి రెండూ పట్టేలా చేస్తారు. అలా తొమ్మిది దాకా. ముందు జరిగింది ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది కనుక కథ నడిచే నవలకు ఇది బాగుంటుంది. నివేదికకు మాత్రం చేటు చేస్తుంది. చరిత్ర అధ్యాయం సారం ఎనిమిదిసార్లు తిరగరాతకు గురవుతుంది, ప్రతిసారీ కొంత అరుగుతుంది. అంతకంటే పెద్ద తంటా ఇంకొకటి ఉంది. రెండో అధ్యాయంలో ఒక మాట తప్పుగా పట్టుకుంటే, ఆ తర్వాత చదివినదంతా ఆ తప్పు వెలుగులోనే కనిపిస్తుంది.

మూడోది విడతల దారి. ప్రతి అధ్యాయాన్నీ విడిగా, మూలం నుంచే, ముందే అనుకున్న కొలతకు కుదిస్తారు. ఈ నివేదికలో అధ్యాయం సగటున యాభై పేజీలు. ఒక్కోదానికి రెండు పేజీలు రాస్తే మొత్తం పద్దెనిమిది, వాటిని కలిపితే నాలుగు, చివరికి ఒకటి. నాలుగో అధ్యాయానికీ చివరి అధ్యాయానికి దక్కినంత చోటే దక్కుతుంది. చివరి పేజీలో దాన్ని ఒక్క వాక్యానికి దించినా, అది తెలిసి చేసిన నిర్ణయం అవుతుంది, మరచిపోవడం కాదు. తప్పు దొర్లినా ఒక గదిలోనే ఉంటుంది, పక్క గదికి పాకదు.

ఇందులోనూ లోపం లేకపోలేదు. విడిగా చదివిన అధ్యాయానికి ఇరుగుపొరుగు తెలియదు. ఆర్థిక విశ్లేషణ చేసే రెండో అధ్యాయం తెలంగాణ లెక్కలను హైదరాబాద్‌ను కలిపి ఒకలా, తీసేసి ఒకలా చూస్తుంది. హైదరాబాద్‌కే కేటాయించిన ఆరో అధ్యాయం తర్వాతెప్పుడో వస్తుంది. ఈ రెండింటినీ వేర్వేరు రోజుల్లో కుదిస్తే, ఒక నోట్సులో ‘తెలంగాణ’ అంటే నగరంతో కలిపి, ఇంకొక దానిలో నగరం లేకుండా అవుతుంది. కలిపే దగ్గర రెండూ ఒకే వాక్యంలో కూర్చుంటాయి. అందుకని గొలుసు నుంచి ఒక్క సంగతి అరువు తెచ్చుకుంటాం. అరపేజీ కార్డు ఒకటి. కమిటీని అడిగిన ప్రశ్న ఏమిటి, ఏ పేరుతో ఏ ప్రాంతాన్ని అంటున్నారు, ఏ లెక్కలో హైదరాబాద్ ఉంది, ఏ లెక్కలో లేదు అన్నవి మాత్రమే అందులో ఉంటాయి. ఏ అధ్యాయం చదివినా అది పక్కనే ఉంటుంది. నా తీర్పు ఇదే: పెద్ద నివేదికకు కార్డు తోడున్న విడతలే మేలు.

అయితే విడతలు ఎక్కువయ్యేకొద్దీ మాట చేతులు మారడమూ ఎక్కువవుతుంది. ముందుగా రాలిపోయేవి ‘అయితే’, ‘తప్ప’, ‘...తేనే’ అనే షరతులు. తొమ్మిదో అధ్యాయంలోని ఐదో మార్గం చూడండి. ఉన్న సరిహద్దులతోనే రాష్ట్రాన్ని తెలంగాణగా, సీమాంధ్రగా విడదీసి, హైదరాబాద్‌ను తెలంగాణకు రాజధానిగా ఉంచడం. కమిటీ దీన్ని రెండో ఉత్తమ మార్గమంది. విభజన తప్పనిసరైతేనే, అదీ మూడు ప్రాంతాలూ సామరస్యంగా ఒక నిర్ణయానికి రాగలిగితేనే అని రెండు షరతులు పెట్టింది. నేను చూసిన రాతల్లో ఇది ఇలా దిగజారుతుంది. రెండు పేజీల నోట్సులో: ‘ఐదోది రెండో ఉత్తమం, తప్పనిసరైతే, సామరస్యంగా కుదిరితే.’ నాలుగు పేజీల దగ్గర: ‘ఆరోది మేలు, తర్వాత ఐదోది.’ ఒక్క పేజీలో: ‘కమిటీ రెండు మార్గాలను సిఫార్సు చేసింది.’ ఏ మెట్టు దగ్గరా ఎవరూ అబద్ధం రాయలేదు.

ఆరో మార్గానిది ఇంకా విచిత్రం. రాష్ట్రాన్ని కలిపి ఉంచుతూ, చట్టబద్ధమైన అధికారాలున్న తెలంగాణ ప్రాంతీయ మండలి ద్వారా ఆ ప్రాంత అభివృద్ధికీ రాజకీయ సాధికారతకూ హామీ ఇవ్వాలన్నది అది. చోటు చాలక ‘రాష్ట్రాన్ని కలిపి ఉంచాలంది’ అని కుదించారనుకోండి, అది మొదటి మార్గమై కూర్చుంటుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం ఆచరణ సాధ్యం కాదని కమిటీ అన్నిటికంటే వెనక్కి నెట్టిన మార్గం అది! సగం వాక్యం పోతే మొదటి స్థానమూ చివరి స్థానమూ ఒకటైపోయాయి.

దీనికి మేం చేసే కట్టుబాటు చిన్నదే. నోట్సులోని ప్రతి వాక్యం చివర మూలం పేజీ సంఖ్య ఉంటుంది, అది ప్రతి విడతలోనూ వాక్యంతో పాటే దిగుతుంది. రెండు వాక్యాలు కలిస్తే రెండు సంఖ్యలూ దిగుతాయి. ఒక్క పేజీ సిద్ధమయ్యాక, దాన్ని రాయని మనిషి ఒకరు ప్రతి వాక్యాన్నీ నోట్సుతో కాదు, మూలంతోనే పోల్చి చూస్తారు. నాలుగు పేజీల కాగితంతో పోలిస్తే ఐదో మార్గం వాక్యం సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది మరి. షరతు రాలింది అంతకు ముందే కదా.

ఎవరి మాట ఎవరిదన్నదీ వాక్యంలోనే ఉండాలి. కమిటీ ఎన్నో పార్టీలు, సంఘాల వాదనలు విని నివేదికలో నమోదు చేసింది. ‘ఫలానా పక్షం వాదించింది’ అన్న మాట ఒక విడత దాటేసరికి ‘కమిటీ తేల్చింది’గా మారడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. అందుకే కర్త లేని వాక్యాలను తనిఖీలో వెనక్కి పంపుతాను. ‘అన్యాయం జరిగిందని తెలుస్తోంది’ అంటే ఎవరికి తెలుస్తోంది?

ఇక లేని దాని సంగతి. శాంతిభద్రతల గురించిన ఎనిమిదో అధ్యాయానికి సంబంధించి కమిటీ ఒక నోట్‌ను సీల్డు కవరులో విడిగా హోంశాఖకు ఇచ్చింది. కాబట్టి మన చేతిలో ఉన్న నివేదికతో రాసిన సారాంశంలో ఆ అధ్యాయం దగ్గర ‘విడిగా ఇచ్చిన నోట్ ఇందులో లేదు’ అన్న ముక్క ఉండి తీరాలి. మొన్నటి బృందం ఒక్క పేజీలో దానికి చోటు కావాలని కమిటీ సభ్యుల పేర్ల వరుసను తీసేసింది. నేను అభ్యంతరం చెప్పలేదు.