బాత్రూమ్ అద్దం తీయించేవారికి హెచ్చరిక: ముందే ఓటీపీ చెప్పి నాలా మోసపోకండి

ఇంటి పనులకు మనుషులను పంపే ఆ యాప్ పేరు రాయను, మీలో చాలామంది వాడే ఉంటారు. టైల్స్ గోడకు సిలికాన్‌తో అంటించిన రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అద్దాన్ని పగలకుండా తీసిపెట్టడానికి నిన్న 399 రూపాయలకు మనిషిని పిలిచాను. అతను లోపలికి వస్తూనే "సార్, ఓటీపీ చెప్పండి" అన్నాడు. అది పని ముగిసిందని ధ్రువీకరించే ఓటీపీ అని మెసేజ్‌లో స్పష్టంగా రాసి ఉన్నా, చదవకుండా చెప్పేసిన మేధావిని నేనే.

తరువాత అతను కింది మూలలో పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి, నేను వద్దంటుండగానే ఒక్క పెట్టున ఎత్తాడు. నడుమ సిలికాన్ ముద్దలు పట్టి ఉండగా మూలను లాగితే గాజు వంగదు, పగులుతుంది. సగం అద్దం వాష్‌బేసిన్‌లో రాలింది, స్క్రూడ్రైవర్ ఆనిన టైల్ పెచ్చు లేచింది. అతను ఆ పెంకుల వైపు చూసి, "తీయమన్నారు, తీశాను కదా సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. ఫిర్యాదు చేస్తే, పని పూర్తయినట్లు నా ఓటీపీతోనే నమోదైందని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

రెండో బాత్రూమ్‌లోని అలాంటి అద్దాన్ని ఈ రోజు నేనూ మా బావమరిదీ కలిసి తీశాం. చేతులకు మందపాటి గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, ముందుగా గాజు మొత్తాన్ని బ్రౌన్ టేపుతో అడ్డంగా, నిలువుగా కప్పేశాం. టేపు పగలకుండా ఆపదు, పగిలితే పెంకులు మీద పడకుండా పట్టి ఉంచుతుంది. అంచుల చుట్టూ ఉన్న సిలికాన్‌ను కట్టర్ బ్లేడుతో కోసి, రెండు కొసలనూ కర్రముక్కలకు చుట్టిన గిటార్ తీగను పైనుంచి వెనక్కి దించి, రంపం కోసినట్లు అటూ ఇటూ మెల్లగా లాగాం. తీగను టైల్స్‌కే ఆనించి లాగాలి, లేకపోతే అద్దం వెనుక పూత గీరుకుపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అరగంట వేడి చేయడం దండగ, ఆ వేడికి సిలికాన్ కరగదు. తొందరపడి గట్టిగా లాగినందుకు రెండు తీగలు తెగాయి. పై ముద్దలు తెగాక అద్దం ముందుకు వాలబోతుంది కనుక, అక్కడినుంచి బావమరిది రెండు చేతులతో గోడకు అదిమిపట్టాడు. 5 మిల్లీమీటర్ల మందం గల ఈ అద్దం దాదాపు 7 కిలోలు ఉంటుంది. ఐదు ముద్దలు తెగడానికి గంటన్నర పట్టింది, టైల్ మీద గీత కూడా పడలేదు.

తీగ ఎటునుంచీ లోపలికి దూరకపోతే వెనుకంతా జిగురు పరిచారని అర్థం, అలాంటి అద్దం క్షేమంగా వస్తుందని ఆశ పెట్టుకోకండి. మనిషినే పిలిచేటట్లయితే, తీగ తెచ్చుకున్నాడో లేదో ముందు అడగండి, ఓటీపీ మాత్రం అద్దం నేలమీద నిలబెట్టాకే చెప్పండి.